తెలుగు వాక్యం మీద నడిచే ఇంగ్లీషు: ఐదు తప్పులు, వాటి మూలాలు

సిద్దిపేట జిల్లా కోహెడ నుంచి డిగ్రీ పూర్తిచేసిన ఒక యువకుడు హైదరాబాదులో డెలివరీ కంపెనీ ఉద్యోగానికి ఫోన్‌లో ఇంటర్వ్యూ ఇస్తున్నాడనుకుందాం. అవతలి మనిషి ఇంగ్లీషులో అడుగుతున్నాడు. సంభాషణ ఇలా సాగింది.

"వేర్ ఆర్ యూ ఫ్రమ్?"
"ఐ యామ్ ఫ్రమ్ కోహెడ ఓన్లీ, సార్."
"టెల్ మీ అబౌట్ యువర్ ఫ్యామిలీ."
"ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్."
"డిడ్ యూ అటెండ్ అవర్ టెస్ట్ లాస్ట్ వీక్?"
"నో సార్, ఐ డిడ్ నాట్ వెంట్."
"డోంట్ యూ హ్యావ్ ఎ బైక్?"
"ఎస్ సార్."
"ఓకే. వి విల్ కాల్ యూ."
"వెన్ ఐ షుడ్ కమ్, సార్?"

ఇతనికి పదాలు తక్కువ కాలేదు. ప్రతి ప్రశ్నా అర్థమైంది, ప్రతిదానికీ జవాబు చెప్పాడు. అయినా అతను పలికిన ఐదు మాటల్లోనూ ఒక్కో తప్పు ఉంది. ఆ ఐదింటి వెనుకా నిర్దోషమైన తెలుగు వాక్యం ఒకటుంది. తెలుగు నియమాన్ని ఇంగ్లీషు పదాలకు తొడగడం వల్ల వచ్చిన తప్పులివి. భాషాశాస్త్రంలో దీన్ని మాతృభాషా ప్రభావం (సొంత భాష అలవాట్లు నేర్చుకునే భాషలోకి రావడం) అంటారు. రెండు భాషల నిర్మాణాలను పక్కపక్కన పెట్టి చూస్తే, నేర్చుకునేవాడు ఎక్కడ తడబడతాడో చాలావరకు ముందే చెప్పవచ్చని రాబర్ట్ లాడో అనే అమెరికన్ పండితుడు 1957లో వివరంగా రాశాడు.

ఇప్పుడు ఈ పోలిక మన పిల్లలకు మరింత అందుబాటులోకి వచ్చింది. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం మొదలైంది. పాఠ్యపుస్తకాలను రెండు భాషల్లో అచ్చువేశారు. అదే విషయం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఎదురెదురుగా కనిపిస్తుంది. మనం చేయాల్సింది కూడా అదే: ప్రతి తప్పు పక్కన దాని తెలుగు వాక్యాన్ని పెట్టి చూడడం.

మొదటి తప్పు: "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్"

దీని తెలుగు "నాకు ఇద్దరు అన్నలున్నరు". బడిలో మనకు ఒక సూత్రం బాగా వంటబట్టింది: తెలుగులో "తున్న" వస్తే ఇంగ్లీషులో "ఇంగ్" పెట్టాలి. "వస్తున్న" అంటే "ఐ యామ్ కమింగ్". ఆ అలవాటులోనే "ఉన్నరు"కు కూడా "ఇంగ్" తగిలిస్తాం. ఆ సూత్రం సరైనదే, కానీ సగం నియమం. ఇంగ్లీషు క్రియలు రెండు రకాలు. నడవడం, తినడం, రాయడం లాంటివి చేసే పనులు. వీటికి "ఇంగ్" వస్తుంది. కలిగి ఉండడం, తెలియడం, నమ్మడం, కావాలనుకోవడం లాంటివి పనులు కావు, స్థితులు. వీటికి మామూలుగా "ఇంగ్" రాదు. తెలుగు ఇలా కచ్చితంగా విడదీయదు. "నమ్ముతున్న", "అర్థమైతున్నది", "అనిపిస్తున్నది" అని మనం హాయిగా అంటాం. అందుకే "ఐ యామ్ బిలీవింగ్", "ఐ యామ్ అండర్‌స్టాండింగ్" అనేవి నోటికి సులువుగా వస్తాయి.

సరైన వాక్యం "ఐ హ్యావ్ టూ బ్రదర్స్". ఇక్కడ ఒక జాగ్రత్త కావాలి. "హ్యావింగ్" అనే మాటే తప్పని అనుకోకూడదు. "ఐ యామ్ హ్యావింగ్ లంచ్" సరైనదే, ఎందుకంటే అక్కడ దాని అర్థం తినడం, అది పని. అనుమానం వచ్చినప్పుడు ఒక ప్రశ్న వేసుకోవాలి: దీన్ని మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టగలనా? భోజనం ఆపవచ్చు. అన్నలు ఉండడాన్ని ఆపలేం.

రెండో తప్పు: "ఐ డిడ్ నాట్ వెంట్"

మాట్లాడేవాడి తర్కం ఇది: జరిగిపోయిన విషయం చెబుతున్నాను కాబట్టి "గో" బదులు "వెంట్" రావాలి. కానీ "డిడ్" అన్నప్పుడే భూతకాలం వచ్చేసింది. ఇంగ్లీషు ఒక వాక్యంలో ఆ గుర్తును ఒక్కచోటే పెడుతుంది. "డిడ్" దాన్ని మోసుకున్నాక క్రియ మళ్లీ మూల రూపానికి వెళ్లిపోవాలి. సరైన వాక్యం "ఐ డిడ్ నాట్ గో".

ఈ తప్పును సరిదిద్దడానికి తెలుగే సాయపడుతుంది. "నేను పోయిన" అనే వాక్యాన్ని కాదని చెప్పండి. "పోయినలేదు" అని ఎవరూ అనరు. "పోలేదు" అంటారు. "పోయిన"లోని భూతకాలపు గుర్తు రాలిపోయి వట్టి "పో" మిగిలింది, కాలాన్ని "లేదు" మోసింది. ఇంగ్లీషులో "లేదు" స్థానంలో "డిడ్ నాట్" ఉంది, "పో" స్థానంలో "గో" ఉంది. "తినలేదు", "రాలేదు", "చూడలేదు" అన్నీ ఇదే దారి. పక్కన "డిడ్ నాట్ ఈట్", "డిడ్ నాట్ కమ్", "డిడ్ నాట్ సీ" పెట్టి పలికితే పట్టు దొరుకుతుంది.

ప్రశ్నల దగ్గర మాత్రం ఈ పోలిక పనిచేయదు. "పోయినవా?" అనే తెలుగు ప్రశ్నలో "పోయిన" అలాగే ఉంటుంది. ఇంగ్లీషులో "డిడ్ యూ గో?" అనాలి. అందుకే కాదనే వాక్యం సరిగ్గా చెప్పేవాళ్లు కూడా ప్రశ్నలో "డిడ్ యూ వెంట్?" అంటుంటారు. ప్రశ్నను విడిగా సాధన చేయాల్సిందే.

మూడో తప్పు: "వెన్ ఐ షుడ్ కమ్?"

తెలుగులో వాక్యాన్ని ప్రశ్నగా మార్చడానికి పదాల వరుస కదలదు. "నేను రేపు రావాలె" అనే వాక్యంలో "రేపు" తీసి "ఎప్పుడు" పెడితే "నేను ఎప్పుడు రావాలె?" అవుతుంది. ఇంగ్లీషులో రెండు మార్పులు జరగాలి. ప్రశ్న పదం ముందుకు రావాలి. ఆ తర్వాత సహాయక క్రియ (అసలు క్రియకు తోడుగా వచ్చే ఈజ్, ఆర్, డూ, షుడ్ వంటి చిన్న క్రియ) చేసేవాడి పేరుకు ముందుకు దూకాలి. మన యువకుడు మొదటిది చేశాడు, రెండోది వదిలేశాడు. సరైన ప్రశ్న "వెన్ షుడ్ ఐ కమ్?" "వేర్ యూ ఆర్ గోయింగ్?" అనేదీ ఇదే కోవలోది.

ఈ నియమం నేర్చుకున్నాక కొత్త తప్పు ఒకటి పుడుతుంది. "ప్లీజ్ టెల్ మీ వెన్ షుడ్ ఐ కమ్" అంటారు. ప్రశ్న ఇంకో వాక్యం లోపల ఇమిడినప్పుడు ఇంగ్లీషు మళ్లీ మామూలు వరుసకు వస్తుంది: "టెల్ మీ వెన్ ఐ షుడ్ కమ్". దీన్ని గుర్తుపట్టడానికి తెలుగులో తేలికైన ఆనవాలు ఉంది. నేరుగా అడిగితే "ఎప్పుడు రావాలె?" అంటాం. లోపల ఇమిడితే "ఎప్పుడు రావాల్నో చెప్పండి" అంటాం. "ఆఫీసు ఎక్కడున్నది?" కాస్తా "ఎక్కడున్నదో చెప్పండి" అవుతుంది. తెలుగులో చివర "ఓ" వచ్చిందంటే ఇంగ్లీషులో వరుస తిప్పకూడదు.

నాలుగో తప్పు: "డోంట్ యూ హ్యావ్ ఎ బైక్?" – "ఎస్ సార్"

ఐదింటిలో నష్టం ఎక్కువ చేసేది ఇదే. మిగతా నాలుగూ వినడానికి తేడాగా ఉంటాయి, అర్థం మాత్రం చేరుతుంది. ఇక్కడ అర్థమే తలకిందులవుతుంది. ఆ యువకుడికి బండి లేదు. అతను చెప్పాలనుకున్నది "అవును సార్, లేదు". అవతలివాడికి వినిపించింది "ఉంది". దరఖాస్తులో "సొంత వాహనం ఉంది" అని రాసుకుంటాడు. చేరే రోజున చిక్కు బయటపడుతుంది.

జరిగింది ఇదీ. "బండి లేదా?" అని అడిగితే తెలుగులో మనం అడిగినవాడి మాటకు జవాబిస్తాం. అతను అనుకున్నది నిజమైతే "అవును, లేదు" అంటాం. తప్పైతే "లేదు సార్, ఉన్నది" అని కూడా అంటాం. ఇంగ్లీషులో జవాబు అడిగినవాడి మాటకు కాదు, వాస్తవానికి ఇస్తారు. ఉంటే "ఎస్", లేకుంటే "నో". ప్రశ్న "డూ యూ"తో మొదలైనా "డోంట్ యూ"తో మొదలైనా తేడా లేదు.

కాబట్టి ప్రశ్నలోని "నాట్"ను వినకూడదు. బండి ఉందా లేదా అనేదొక్కటే చూడాలి. తర్వాత ఒక్క మాటతో ఆపకూడదు. "నో సార్, ఐ డోంట్" లేదా "ఎస్ సార్, ఐ డూ" అని పూర్తిగా చెప్పాలి. ఒకవేళ కంగారులో మొదటి మాట తారుమారైనా, రెండో మాట విన్నవాడు మళ్లీ అడిగి తెలుసుకుంటాడు.

ఐదో తప్పు: "కోహెడ ఓన్లీ"

"మాది కోహెడనే" అనే వాక్యంలో చివరి "ఏ"ను అనువదించబోతే "ఓన్లీ" వచ్చింది. ఆ చిన్న "ఏ" తెలుగులో చాలా పనులు చేస్తుంది. "నేనే చేసిన" అంటే ఇంకెవరూ కాదు. "నిన్ననే వచ్చిన" అంటే ఎంతో కాలం కాలేదు. "ఇక్కడనే ఉన్నది" అంటే సరిగ్గా ఈ చోటే. ఇంగ్లీషు ఈ పనులను వేర్వేరు మాటలకు పంచింది: "ఐ డిడ్ ఇట్ మైసెల్ఫ్", "ఐ కేమ్ జస్ట్ యెస్టర్డే", "ఇట్ ఈజ్ రైట్ హియర్". ఇక "మాది కోహెడనే" అనడంలో ఉన్న ఆత్మీయపు నొక్కును ఇంగ్లీషు అసలు చెప్పదు. "ఐ యామ్ ఫ్రమ్ కోహెడ" చాలు.

చోటు కూడా ముఖ్యమే. మన "ఏ" పదం వెనుక అంటుకుంటుంది కాబట్టి "ఓన్లీ"ని కూడా వెనుకే పెడతాం. "ఓన్లీ యెస్టర్డే" మంచి ఇంగ్లీషే. "యెస్టర్డే ఓన్లీ" అన్నప్పుడే తెలుగు వాసన వస్తుంది.

ముందు ఏది సరిదిద్దుకోవాలి?

నాలుగోది ముందు. అది సమాచారాన్నే మార్చేస్తుంది. తర్వాత రెండోది, మూడోది. వాటిని ఎక్కడైనా వ్యాకరణ దోషంగానే లెక్కిస్తారు. మొదటిది, ఐదోది దేశమంతటా వినిపించే వాడుకలు. హైదరాబాదు ఆఫీసులో ఎవరూ ఆగి చూడరు. విదేశీ కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగంలో, రాత పరీక్షలో మాత్రం పట్టుబడతాయి.

సాధనకు ఫోన్‌లోని రికార్డర్ చాలు. నిన్న ఏం చేశారో ఒక నిమిషం ఇంగ్లీషులో చెప్పి రికార్డు చేయండి. విని, ఉన్నదున్నట్టు కాగితం మీద రాయండి. తేడాగా అనిపించిన ప్రతి వాక్యం కింద ఆ క్షణంలో మనసులో మెదిలిన తెలుగు వాక్యం రాయండి. ఈ ఐదింటిలో ఏ రకమో పక్కన అంకె వేయండి. ఎక్కువసార్లు వచ్చిన అంకె ఒక్కదాని మీదే ఆ వారం పనిచేయండి.

అన్ని తప్పులకూ తెలుగు మూలం దొరకదు. "హి గోస్" అనాల్సిన చోట "హి గో" అంటాం. కానీ "వాడు పోతడు", "ఆమె పోతది", "నేను పోత" అని క్రియ చివరను మార్చడంలో తెలుగు ఇంగ్లీషు కంటే ఎంతో ముందుంది. కాబట్టి ఈ తప్పు మన భాష నుంచి వచ్చింది కాదు. వేరే భాషల నుంచి ఇంగ్లీషుకు వచ్చేవాళ్లు కూడా ఆ చివరి శబ్దాన్ని వదిలేస్తుంటారు. అలాంటి తప్పు కింద తెలుగు వాక్యం వెతుకుతూ కూర్చుంటే ప్రయోజనం లేదు. దాన్ని పదేపదే పలికి నోటికి అలవాటు చేయడమే మార్గం.