దుకాణం మూయకుండానే సెలవు

మంగళగిరి చీరలను సొంత వెబ్‌సైట్‌లో అమ్మే ఒకావిడకు ఆపరేషన్ ఉందనుకుందాం. 10 రోజులు పార్సిల్ కట్టలేరు. ఎవరికైనా ముందు తోచేది సైట్‌కు తాళం వేయడమే. గూగుల్ మాత్రం దాన్ని ఆఖరి మార్గంగానే చూడమంటుంది. పేజీలు తెరుచుకోకపోతే సెర్చ్‌లోంచి జారిపోవచ్చు, మళ్లీ ఎప్పుడు పైకొస్తాయో చెప్పలేం. మూయక తప్పకపోతే సర్వర్ 503 అని జవాబివ్వాలి, అదీ ఒకటి రెండు రోజులే.

అందుకే పేజీలను కదిలించకుండా, ప్యాకింగ్ గడువును 2 రోజుల నుంచి 14కు పెంచితే మేలు. ఆ నాలుగు రోజులు అదనం ఎందుకంటే, కుట్లు క్యాలెండర్ చూసి మానవు కదా! గూగుల్ మర్చంట్ సెంటర్‌లోనూ అదే అంకె ఉండాలి. లేదంటే అక్కడ పాత డెలివరీ తేదీయే కనిపిస్తుంది, ఫిర్యాదులు మొదలవుతాయి. ఆలస్యంగా పంపడం కుదరని సరుకైతే కార్ట్ ఆపి, 'స్టాక్ లేదు' అని పెట్టాలి. పేజీ మాత్రం తీసేయకూడదు.

వాట్సాప్ బిజినెస్‌లో అవే మెసేజ్‌కు తేదీలు పెట్టుకోవచ్చు. "సెలవులో ఉన్నాం" అంటే చాలదు. "18వ తేదీ తర్వాతే పంపుతాం, ఆగలేకపోతే డబ్బు వాపసు ఇస్తాం" అని రాయాలి. అయితే ఫోన్‌కు నెట్ లేకపోతే ఆ జవాబు వెళ్లదు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు దాన్ని స్విచాఫ్ చేయకుండా ఇంట్లోవాళ్లకి ఇచ్చి వెళ్లాలి.