రెండు పూటలా తోమినా పోని నోటి వాసన

నోటి దుర్వాసన కడుపులోంచి వస్తుందని చాలామంది నమ్మకం. అందుకే ముందు అరుగుదల మందులు కొంటారు. నిజానికి పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి అది నోట్లోనే పుడుతుంది. గాలి ఆడని సందుల్లో బతికే బ్యాక్టీరియా ఆహారపు తునకల్లోనూ, నోటి లోపల రాలిన కణాల్లోనూ ఉండే మాంసకృత్తులను విడగొడుతుంది. అప్పుడు గంధకం కలిసిన వాయువులు వెలువడతాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వాటిలో ఒకటి. బ్రష్షు తిరిగేది పళ్ల మీద. ఈ బ్యాక్టీరియా ఎక్కువగా స్థిరపడేది నాలుక వెనక భాగంలో.

నాలుక పైభాగమంతా చిన్న చిన్న బొడిపెలు, వాటి మధ్య గాళ్లు. ముందు భాగం తినేటప్పుడు, మాట్లాడేటప్పుడు అంగిలికి రాసుకుని కొంత శుభ్రపడుతుంది. వెనక భాగానికి ఆ రాపిడి తక్కువ. పైగా ముక్కులోంచి గొంతులోకి జారే చీమిడి కూడా అక్కడే చేరుతుంది. తెల్లగానో పసుపుగానో పాచి పేరుకుంటుంది. పలచని తెల్లపొర అందరికీ ఉండేదే, దాన్ని పూర్తిగా పోగొట్టాలని చూడనక్కర్లేదు. మందపు పొరతోనే పేచీ. ఎవరి నోటి వాసన వారికి సరిగా తెలియదు, ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. చెంచా బోర్లించి నాలుక వెనక మెల్లగా గీసి, కొన్ని క్షణాలాగి వాసన చూస్తే అంచనా దొరుకుతుంది.

వేపపుల్లతో పళ్లు తోమి, దాన్నే చీల్చి నాలుక గీసుకోవడం తెలుగు పల్లెల్లో పాత అలవాటు. ఇప్పుడు ప్లాస్టిక్ బద్దో, స్టీలు బద్దో వాడుతున్నారు. పొరపాటు ఎక్కడంటే, ఓకారం వస్తుందని చాలామంది ముందు సగం గీసి ఆపేస్తారు. నాలుక బాగా చాపి, మెల్లగా ఊపిరి వదులుతూ, ఇబ్బంది లేనంత వెనక నుంచి ముందుకు మూడు నాలుగుసార్లు లాగి, ప్రతిసారీ బద్ద కడిగితే చాలు. నెత్తురు కనిపిస్తే గట్టిగా గీస్తున్నట్టే.

గీసిన పాచి సాయంత్రానికే మళ్లీ మందంగా పేరుకుంటుంటే ఉమ్మి సంగతి చూడాలి. పెద్దవారి నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరే ఉమ్మి నోటిని కడుగుతూ ఉంటుంది. నిద్రలో అది దాదాపు ఆగిపోతుంది. పొద్దున్నే అందరి నోరూ వాసన వేసేది అందుకే. అది ముఖం కడుక్కుని, ఏదైనా తినగానే తగ్గిపోతుంది.

ఉదాహరణకు, రక్తపోటు మందులో భాగంగా మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వేసుకునే 55 ఏళ్ల మనిషిని తీసుకుందాం. తుమ్ములకని రాత్రిపూట అలర్జీ మాత్ర కూడా మొదలైంది. ముక్కు మూసుకుపోయి నోరు తెరిచి నిద్రపోతాడు. నోరెండడానికి కారణాలు మూడూ ఒకచోట చేరాయి. నాలుక అంగిలికి అతుక్కుంటుంది, నీళ్లు లేనిదే చపాతీ ముక్క దిగదు. ఎన్నిసార్లు తోమినా మధ్యాహ్నం భోజనం దాకా వాసన పోదు, ఎందుకంటే నమిలితేనే కాస్త ఉమ్మి ఊరుతోంది. ఇలాంటివారు మాత్రలు సొంతంగా మానకూడదు. నోరు తక్కువగా ఎండించే అలర్జీ మందులున్నాయి, డాక్టరును అడిగితే మారుస్తారు. ముక్కు దిబ్బడకు వైద్యం, తరచూ గుక్కెడు నీళ్లు, చక్కెర లేని చూయింగ్ గమ్ పనికొస్తాయి. ఆల్కహాల్ కలిసిన మౌత్‌వాష్ నోటిని ఇంకా ఎండించవచ్చు. ఏ మందూ లేకుండానే నోరెండుతూ దాహం, అతిమూత్రం ఉంటే రక్తంలో చక్కెర పరీక్ష చేయించాలి.

నాలుక గీసి, నోరు తడిగా ఉంచుకున్నా రెండు వారాల్లో తేడా లేకపోతే పళ్ల డాక్టరును కలవాలి. తోమినప్పుడు చిగుళ్ల నుంచి నెత్తురు, చీము, కదిలే పన్ను, ఒకేచోట ఇరుక్కునే తిండి, వదులైన క్యాప్ ఉంటే ఆ రెండు వారాలూ ఆగనక్కర్లేదు. డాక్టరు గీతలున్న సన్నని పుల్లతో పంటికీ చిగురుకూ మధ్య లోతు కొలుస్తారు. మూడు మిల్లీమీటర్ల దాకా మామూలే. అంతకు మించిన గుంటల్లోకి బ్రష్షు వెళ్లదు, గారను పనిముట్లతోనే తీయాలి. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్న భయం మన దగ్గర బాగా ఉంది. వాచిన చిగురు తగ్గి, గార పోయాక సందులు బయటపడతాయి, దాంతో అలా అనిపిస్తుంది.

పళ్లూ చిగుళ్లూ బాగున్నాయని తేలితే టాన్సిల్స్ గుంటల్లో గట్టిపడే తెల్లని ఉండలు, సైనస్ జబ్బు ఉన్నాయేమో చెవి ముక్కు గొంతు డాక్టరు చూస్తారు. చిన్నపిల్లలకు ఒక ముక్కురంధ్రం నుంచే కంపుకొట్టే చీమిడి కారుతుంటే అందులో ఏ పూసో, గింజో ఇరుక్కుని ఉండవచ్చు. మధుమేహం ఉన్నవారి ఊపిరి మాగిన పండులా వాసన వేస్తూ, వాంతులు, ఆయాసం, మగత తోడైతే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.