ఆ పిల్లవాడి గోల వెనుక కడుపునొప్పి



బుద్ధిమాంద్యం ఉన్న వ్యక్తిలో కొత్తగా ఏ మార్పు కనబడినా "వాడంతే కదా" అనేస్తాం. అప్పుడు అసలు జబ్బు ఆ మాట చాటున దాగిపోతుంది. దీన్ని వైద్యులు డయాగ్నోస్టిక్ ఓవర్‌షాడోయింగ్ అంటారు. ఒక జబ్బు పేరు నీడలో మరో జబ్బు కనబడకుండా పోవడమని దీని భావం. 1982లో అమెరికాలో స్టీవెన్ రైస్, ఆయన సహచరులు దీన్ని పరీక్షించి చూశారు. విపరీతమైన భయంతో బాధపడుతున్న మనిషి వివరాలను మనస్తత్వ నిపుణులకు చదవనిచ్చారు. అతనికి బుద్ధిమాంద్యం ఉందని చెప్పినప్పుడు, అదే భయాన్ని చికిత్స కావలసిన జబ్బుగా గుర్తించడం తగ్గింది.

ఇది మన ఇళ్లలో ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, బోధన కోసం మేము కూర్చినది.

హనుమాన్ జంక్షన్ దగ్గర పల్లెలో 26 ఏళ్ల యువకుడు. మాటలు నాలుగైదే వచ్చు. మే నెల ఎండల్లో పొట్ట మీద కొట్టుకోవడం, చెయ్యి కొరుక్కోవడం, రాత్రుళ్లు అరవడం మొదలుపెట్టాడు. ఇంట్లో వాళ్లు మొండితనం అనుకున్నారు. ఒక చోట చూపిస్తే గోల తగ్గడానికి హాలోపెరిడాల్, దానితోపాటు ట్రైహెక్సీఫెనిడిల్ మాత్రలు ఇచ్చారు. మగతగా పడుకున్నాడు గానీ అన్నం మానేశాడు. పది రోజులకు బట్టల్లో నీళ్లలా విరేచనం కారసాగింది. "రసాలు ఎక్కువ తిన్నాడు, వేడి చేసింది" అన్నారు ఇరుగుపొరుగు. విరేచనాలు కట్టే మాత్ర కూడా వేశారు. పొట్ట ఇంకా ఉబ్బింది.

నిజానికి అతనికి ఉన్నది మలబద్ధకం. ఎండాకాలంలో నీళ్లు తక్కువ తాగడంతో మలం గట్టిపడి పేగులో ఇరుక్కుంది. ఆ గట్టి ముద్ద పక్కల నుండి పలచని మలం జారి బయటికి వచ్చింది, చూసేవారికి అది విరేచనంలా కనబడింది. ట్రైహెక్సీఫెనిడిల్ పేగుల కదలికను తగ్గిస్తుంది. విరేచనాలు కట్టే మాత్ర దాన్ని మరింత ఆపింది. అంటే ఇచ్చిన ప్రతి మందూ అసలు జబ్బును పెంచింది.

ఇది ఎలా బయటపడింది? వాళ్లమ్మను డాక్టరు రెండే ప్రశ్నలు అడిగారు. "ఇది ఎప్పటి నుండి, అమ్మా? అంతకుముందు ఎలా ఉండేవాడు?" "మూడు వారాలేనండీ. అంతకుముందు వాడు ఎవరినీ ఇబ్బంది పెట్టేవాడు కాదు" అందామె. పొట్టను చేత్తో తడిమి చూస్తే ఎడమవైపు కింద గట్టిగా తగిలింది. మలద్వారం పరీక్షలో మలం రాయిలా ఉంది. ఎక్స్‌రేలోనూ అదే కనబడింది. విరేచనాలు కట్టే మాత్ర ఆపారు. ఎనిమా ఇచ్చి, మలాన్ని మెత్తబరిచే పొడిని నీళ్లలో కలిపి కొన్ని రోజులు తాగించారు. మానసిక మాత్రలను హఠాత్తుగా ఆపకుండా, రాసిన డాక్టరుతో మాట్లాడి క్రమంగా తగ్గించారు. కడుపు ఖాళీ అయ్యాక అతను కొట్టుకోవడం ఆగింది.

ఈ నీడ గోల చేసేవారి మీదే కాదు, మౌనంగా ఉండేవారి మీద కూడా పడుతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న 30 ఏళ్ల అమ్మాయి క్రమంగా మందగించి, ఎప్పుడూ నిద్రపోతూ, బరువు పెరిగిందనుకోండి. "ఆ జబ్బు స్వభావమే అంత" అని వదిలేయకూడదు. వీరిలో థైరాయిడ్ లోపం మిగతావారికంటే ఎక్కువగా వస్తుంది. టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్షతో అది తెలుస్తుంది, రోజూ మాత్ర వేసుకుంటే అదుపులో ఉంటుంది. చెవిలో గుమిలి అడ్డుపడి సరిగా వినబడకపోయినా మనిషి ఇలాగే ముడుచుకుపోవచ్చు.

అయితే ప్రతి గోలకూ శరీరంలోనే కారణం ఉంటుందని మేము చెప్పడం లేదు. దిగులు, భయం, మానసిక జబ్బు కూడా బుద్ధిమాంద్యం ఉన్నవారికి రావచ్చు. కాని పళ్లు, చెవులు, కడుపు, మూత్రం, వేసుకుంటున్న మందులు చూశాకే ఆ మాట అనాలి.

ఇందులో డాక్టరుకు తెలియనిది మీకు తెలుసు: ఆ వ్యక్తి మామూలు రోజు. నిద్ర, తిండి, నడక, మలవిసర్జన ఎలా ఉంటాయో చిన్న పుస్తకంలో రాసి ఉంచండి. వచ్చేటప్పుడు దాన్ని, వేసుకుంటున్న మాత్రల అట్టలను వెంట తీసుకురండి. పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, గాలి కూడా పోకపోతే పేగు మూసుకుపోయి ఉండవచ్చు. అప్పుడు ఇంట్లో విరేచనాల మందు ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. డాక్టరు గదిలోకి వెళ్లగానే మొదట ఈ మాట చెప్పండి: "ఇది మావాడి అలవాటు కాదండీ, ఈ మధ్యే వచ్చింది."