గాలికి జారిపోయిన ప్యాకెట్లు

పుదుచ్చేరిలో మేముండేది సముద్రానికి నాలుగు వీధుల ఇవతల, లావుపాటి సున్నపు గోడల పాత ఇంట్లో. సాయంత్రాలు యానాంలో ఉన్న అమ్మతో వీడియోలో మాట్లాడుతుంటే మాట మధ్యలో తెగేది. "సగం మాట మింగేస్తున్నావేంట్రా" అనేది అమ్మ. ఫిర్యాదు చేస్తే వచ్చిన కుర్రాడు పది పింగ్‌లు కొట్టి, పదికి పదీ తిరిగొచ్చాయని చూపించి వెళ్లాడు. కానీ నూటికి రెండు ప్యాకెట్లు పోయే లైన్‌లో కూడా పది పింగ్‌లూ క్షేమంగా తిరిగొచ్చే అవకాశం 82 శాతం. పైగా ప్యాకెట్లు తరచు ఒక్కొక్కటిగా కాకుండా గుంపుగా పోతాయి. అలాంటి జబ్బును పట్టాలంటే పింగ్‌ను గంటల తరబడి ఆపకుండా నడపాలి.

ఈ పింగ్ పుట్టిందే ఇలాంటి చిక్కులోంచి. అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ పరిశోధనశాలలో పనిచేసే మైక్ మూస్, 1983 డిసెంబరులో నెట్‌వర్క్ వింతగా ప్రవర్తిస్తుంటే ఒక్క రాత్రిలో దాన్ని రాశాడు. "ఉన్నావా?" అని ఒక ప్యాకెట్ పంపడం, "ఉన్నాను" అన్న జవాబు ఎంతసేపట్లో వచ్చిందో కొలవడం, అంతే దాని పని. జలాంతర్గాముల సోనార్ చేసే చప్పుడే దానికి పేరైంది. మూస్‌కు బాగా నచ్చిన కథ ఒకటుంది. ఒకాయన ఆఫీసులో నెట్‌వర్క్ అప్పుడప్పుడు తెగుతుంటే, జవాబు వచ్చినప్పుడల్లా కంప్యూటర్ "పింగ్" అని స్పీకర్లో అరిచేలా చేశాడట. తర్వాత భవనమంతా తిరుగుతూ కేబుల్ కనెక్టర్లను ఒక్కొక్కటే కదిపాడు. ఏది కదిపితే అరుపు ఆగిందో దొంగ అదే.

అయితే పింగ్ ప్యాకెట్ పోయిందని చెబుతుందే గానీ ఎక్కడ పోయిందో చెప్పదు. ఆ లోటు తీర్చే దారి వాన్ జాకబ్సన్ రాసిన ట్రేస్‌రూట్. ప్రతి ప్యాకెట్‌కూ ఒక ఆయుష్షు అంకె ఉంటుంది. దారిలో ప్రతి రూటర్ దాంట్లో ఒకటి తగ్గిస్తుంది, సున్నా అయితే ప్యాకెట్‌ను పారేసి పంపినవాడికి కబురు పెడుతుంది. ఆయుష్షు ఒకటి, రెండు, మూడు అని పెంచుతూ పంపితే దారిలోని మెట్లన్నీ బయటపడతాయి. 1997లో మాట్ కింబల్ ఈ రెంటినీ కలిపి, ప్రతి మెట్టునూ ఆపకుండా పింగ్ చేసే ఎంటీఆర్ రాశాడు.

నా లాప్‌టాప్‌లో మూడు కిటికీలు తెరిచాను:

```
ping -D -O 192.168.1.1 > router.log
ping -D -O 8.8.8.8 > bayata.log
mtr -n -r -w -c 900 8.8.8.8
```

మొదటిది ఇంట్లోని రూటర్ దాకా, రెండోది బయటి లోకం దాకా. `-D` ప్రతి జవాబుకూ వేళ రాస్తుంది, `-O` రాని జవాబును కూడా నమోదు చేస్తుంది. మూడోది పదిహేను నిమిషాల లెక్క.

రూటర్ లాగ్ చూడగానే వైఫై సంగతి తేలింది. గోడ అవతల ఉన్న రూటర్ నుంచి 3 మిల్లీసెకన్లలో రావాల్సిన జవాబు 180 దాకా పోతోంది, అడపాదడపా రావడమే లేదు. వైఫై పోయిన ప్యాకెట్‌ను తానే మళ్లీ మళ్లీ పంపుతుంది, అందుకే నష్టం కంటే ముందు ఆలస్యం కనిపిస్తుంది. కారణం మా లావుపాటి గోడ. కేబుల్ తగిలిస్తే రూటర్ దాకా ఒక్కటీ పోలేదు. కానీ బయటికి వెళ్లేవి మాత్రం ఇంకా పోతున్నాయి. జబ్బులు రెండున్నాయన్నమాట, ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి.

కేబుల్ మీదే మళ్లీ నడిపిన ఎంటీఆర్ `Loss%` వరసలో మొదటి మెట్టుకు సున్నా, కంపెనీ గేట్‌వే అయిన రెండో మెట్టుకు 2.3, అక్కణ్ణుంచి చివరిదాకా ఇంచుమించు అంతే. నాలుగో మెట్టు మాత్రం 40 చూపింది. చాలామంది ఇక్కడే మోసపోతారు. దాని తర్వాతి మెట్లలో నష్టం మళ్లీ 2.3 మాత్రమే కాబట్టి, ఆ రూటర్ మన ప్యాకెట్లను పారేయడం లేదు. తన దగ్గర ఆయుష్షు తీరిన ప్యాకెట్ల గురించి కబురు పెట్టడాన్ని తగ్గించుకుంటోంది, అంతే. ఎక్కడ మొదలై చివరిదాకా కొనసాగుతుందో అదే నిజమైన నష్టం. రెండో మెట్టు శుభ్రంగా ఉండి ఐదో మెట్టు నుంచి చివరిదాకా పోతుంటే పై నెట్‌వర్క్‌ను అనుమానించేవాణ్ణి. ఆ పరిస్థితిలోనూ జవాబు తిరిగొచ్చే దారి వేరే కావచ్చు, దాన్ని ఎంటీఆర్ చూపలేదు.

మిగిలింది రూటర్‌కూ గేట్‌వేకూ మధ్య భాగం. మా మోడెం మెట్టుగా కనిపించే రకం కాదు, అందుకని దాని పేజీలో ఫైబర్ వెలుతురు చూశాను. మామూలుగా -24 డీబీఎం. లాగ్‌లో నష్టాలు ఎక్కువగా మధ్యాహ్నం మూడు నుంచి సాయంత్రం ఏడు దాకా గుంపులు కట్టి ఉన్నాయి. ఆ వేళ చూస్తే వెలుతురు -29కి జారి, మళ్లీ లేస్తోంది. ఈ రకం మోడెంలకు సాధారణంగా -27 దాకానే చూపు ఆనుతుంది. వెలుతురు నిలకడగా ఉండి ప్యాకెట్లు పోయుంటే మోడెమ్‌నో, దాని అడాప్టర్‌నో మార్చి చూడాల్సి వచ్చేది. మధ్యాహ్నం మూడు మా వీధిలోకి సముద్రపు గాలి తిరిగే వేళ. మేడెక్కితే, పిట్టగోడ అంచున కేబుల్ గాలికి ఊగుతూ, ఊగినప్పుడల్లా గోడకు నొక్కుకుని వంగుతోంది. వంపు దగ్గర ఫైబర్‌లోంచి వెలుతురు బయటికి కారిపోతుంది.

లాగ్ చూపించాక కంపెనీవాళ్లు ఆ ముక్క మార్చి, వంపు రాకుండా క్లిప్పులు కొట్టారు. మర్నాడు మూడు నుంచి ఏడు దాకా వైఫై మీదే నడిపాను. 14,400 పింగ్‌లలో మూడు పోయాయి. ఆ మూడూ రెండు లాగుల్లోనూ ఒకే సెకన్లలో ఉన్నాయి. అవి గోడవి.