అమ్మ ముఖంలో గీతలేవి?

షష్టిపూర్తి ఫొటో. పీటల మీద అమ్మానాన్న, వెనక అరటి పిలకలు, మూలన ఒక స్విచ్ బోర్డు. 12×18 అంగుళాల సైజులో ప్రింటు వేయించి హాల్లో పెట్టుకోవాలని కూతురి ఆశ. ఫొటోను ఆన్‌లైన్‌లో ఎడిటింగ్ చేసే సర్వీసుకు 600 రూపాయలు కట్టి పంపింది. నాలుగు పనులు అడిగింది: అమ్మ నుదుటి మీద ఫ్లాష్ వల్ల వచ్చిన జిడ్డు మెరుపు తగ్గించాలి, కళ్ల కింది నలుపు కాస్త తేలిక చేయాలి, నాన్న గడ్డం మీద బ్లేడు గాటు తీసేయాలి, స్విచ్ బోర్డు కనపడకూడదు.

మూడో రోజున ఫొటో తిరిగొచ్చింది. స్విచ్ బోర్డు లేదు, గాటు లేదు. వాటితోపాటు అమ్మ ముఖంలో అరవై ఏళ్ల ఆనవాళ్లూ లేవు. బుగ్గలు మైనపు బొమ్మవిలా నున్నగా మెరుస్తున్నాయి. ఆ అమ్మాయి కోపంలో అప్పటికప్పుడు టైపు చేసింది: "చాలా దారుణంగా ఉంది. మా అమ్మ ముఖం ప్లాస్టిక్‌లా చేశారు. డబ్బులు వాపసు ఇవ్వండి." గంటలో జవాబు: "మేడమ్, స్కిన్ స్మూతింగ్ మా ప్యాకేజీలో భాగమే. శాంపిల్స్ చూసే కదా ఆర్డర్ ఇచ్చారు."

కథ కల్పితమే గానీ ఈ జవాబు మాత్రం చాలామందికి తెలిసినదే. ఆ మెసేజ్‌లో అబద్ధం ఏమీ లేదు. అయినా అవతలివాళ్ల దృష్టిలో అది అభిరుచికి సంబంధించిన గొడవ. నచ్చలేదంటే డబ్బు తిరిగివ్వం అని చాలా సర్వీసుల షరతుల్లో ముందే రాసి ఉంటుంది. అందుకే నచ్చకపోవడాన్ని పక్కనపెట్టి, పనిలో లోపం ఎక్కడ ఉందో చూపించాలి. చూపించాలంటే ముందు ఆ నునుపు ఎలా వస్తుందో తెలియాలి.

ఫొటోలో చర్మం అంటే రెండు విషయాలు కలిసినది. ఒకటి రంగు, వెలుగునీడలు: మచ్చలు, కళ్ల కింది నలుపు, మెరుపు. రెండోది వాటిపైన ఉండే సన్నటి నెర: చర్మరంధ్రాలు, నూగు, సన్న గీతలు. పని తెలిసిన ఎడిటరు ఈ రెంటినీ వేర్వేరు లేయర్లుగా విడదీస్తాడు. దీన్ని వాళ్లు ఫ్రీక్వెన్సీ సెపరేషన్ అంటారు. రంగు లేయరులో మచ్చలను మెల్లగా కలిపేస్తాడు, నెర ఉన్న లేయరును దాదాపు ముట్టుకోడు. గాటులాంటిది ఉంటే అక్కడికి మాత్రం హీలింగ్ బ్రష్‌తో పక్క చర్మాన్ని తెచ్చి అతుకుతాడు. ఇంకా ఓపిక ఉన్నవాళ్లు డాడ్జ్ అండ్ బర్న్ చేస్తారు. అంటే చిన్న బ్రష్‌తో చీకటిగా ఉన్న చోట వెలుగు, వెలుగు ఎక్కువైన చోట నీడ కొద్దికొద్దిగా అద్దడం. ఒక్క ముఖానికే అరగంట ఇట్టే గడిచిపోతుంది.

రోజుకు వందల ఫొటోలు చేసే చోట అంత సమయం ఎవరిస్తారు? ముఖం మొత్తాన్ని సెలెక్ట్ చేసి, నునుపు చేసే ఫిల్టరు ఒక్కటి పూర్తి బలంతో వేస్తే నిమిషంలో పని అయిపోతుంది. ఆ ఫిల్టరుకు మచ్చ ఏదో, చర్మరంధ్రం ఏదో పెద్దగా తేడా తెలియదు, రెంటినీ కలిపి అలికేస్తుంది. అదే ఫిల్టరును ముప్పై, నలభై శాతం బలంతో వేసినా కింది చర్మం కొంత కనపడుతుంది. నా లెక్కలో ప్లాస్టిక్ ముఖాలకు అసలు కారణం చేతకానితనం కన్నా ఈ తొందర.

లోపం పట్టుకోవాలంటే ఫొటోను ఫోనులో చూస్తే లాభం లేదు. అరచేతి తెర మీద నున్నటి ముఖం ముద్దుగానే ఉంటుంది, అసలు సంగతి ప్రింటు వేశాకే బయటపడుతుంది. కంప్యూటరులో తెరిచి జూమ్ 100% పెట్టండి. అప్పుడు ఫొటోలోని ఒక్కో చుక్క తెర మీద ఒక్కో చుక్కగా కనిపిస్తుంది. ఎడమ పక్కన మీరు పంపినది, కుడి పక్కన వాళ్లు పంపినది పెట్టుకుని అంచులు చూడండి. మన షష్టిపూర్తి ఫొటోలో ముక్కుపుడక చుట్టూ చర్మం పొగచూరినట్టు ఉంది. బొట్టు అంచు కరిగిపోయింది. నుదుటి పైన పాపిట దగ్గర తెల్లవెంట్రుకలు చర్మంలో కలిసిపోయాయి. నాన్న మీసం చివర్లు పెన్సిలుతో రుద్దినట్టున్నాయి. పట్టుచీర జరీ మాత్రం పోగు పోగు కనపడుతోంది. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం మెడ. మెడ మీది మడతలు అలాగే ఉన్నాయి, వాటి పైన పాతికేళ్ల ముఖం కూర్చుంది.

ఫిర్యాదు రాసేముందు మీరు పంపిన ఫొటోనూ నిష్పక్షపాతంగా చూడాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది సైజు తగ్గించి, కుదించి పంపుతుంది. సన్నటి నెర అక్కడే సగం పోతుంది. డాక్యుమెంటుగా పంపితే ఆ నష్టం ఉండదు. ఫోను కెమెరాలో బ్యూటీ మోడ్ ఆన్‌లో ఉంటే ఫొటో తీసినప్పుడే నునుపైపోయి ఉంటుంది. ఫోకస్ ముఖం మీద కాకుండా వెనక అరటి ఆకు మీద పడినా అంతే. అసలులోనే లేని చర్మాన్ని ఎడిటరు తేలేడు, అలాంటప్పుడు ఆయన మీద ఫిర్యాదు నిలవదు. ఇక్కడైతే ఫొటో 24 మెగాపిక్సెల్ కెమెరాతో తీసినది, 6000×4000 పిక్సెళ్ల ఫైలు అలాగే అప్‌లోడ్ అయింది, 100%లో అమ్మ బుగ్గ మీద నూగు కూడా కనపడుతోంది. కాబట్టి పోయినది అవతలివాళ్ల చేతిలోనే పోయింది.

ఇక మెసేజ్. ఆ అమ్మాయి రెండోసారి ఇలా రాసి ఉంటే బాగుండేది:

"నమస్కారమండీ. ఆర్డర్ నంబరు (ఇక్కడ నంబరు), ఫైలు IMG_4821.JPG, మీరు పంపినది నిన్న సాయంత్రం అందింది. స్విచ్ బోర్డు, నాన్నగారి గడ్డం మీది గాటు బాగా తీశారు, అవి అలాగే ఉంచండి. అమ్మ ముఖం విషయంలో మాత్రం అడిగినది ఒకటి, చేసినది ఒకటి. నేను అడిగినది నుదుటి మెరుపు, కళ్ల కింది నలుపు తగ్గించమని. గీతలు తీసేయమనిగానీ, రంగు తెలుపు చేయమనిగానీ అడగలేదు. ఆర్డర్ నోట్ స్క్రీన్‌షాట్ జతచేశాను. 100% జూమ్‌లో మూడు చోట్ల అసలు, ఎడిట్ పక్కపక్కన పెట్టి పంపుతున్నాను: ముక్కుపుడక చుట్టూ, పాపిట దగ్గర, ముఖానికీ మెడకూ మధ్య. నా అసలు ఫైలులో చర్మం స్పష్టంగా ఉంది, మీ ఫైలులో లేదు. దయచేసి నా అసలు ఫైలు నుంచే ముఖం పని మళ్లీ చేయండి. ఇప్పుడున్న దాని మీద గ్రెయిన్ కలిపి పంపవద్దు. 6000×4000 సైజులోనే శుక్రవారం సాయంత్రంలోగా కావాలి. అప్పటికి కుదరదంటే నేను కట్టిన 600 రూపాయలు వాపసు చేయండి. ఏది చేస్తారో రేపటిలోగా చెప్పగలరు."

ఇందులో తిట్టు ఒక్కటీ లేదు. అది మర్యాద కోసమే కాదు. ఈ మెసేజ్ మొదట చదివేది సాధారణంగా కస్టమర్ సపోర్ట్‌లో కూర్చున్న మనిషి, ఎడిటరు కాదు. ఎక్కడ ఏం తప్పో ఆ మనిషికి అర్థమైతేనే పైకి పంపగలడు. బాగున్న పనిని బాగుందని చెప్పడం వల్ల కూడా ఒక ఉపయోగం ఉంది: మళ్లీ చేసేటప్పుడు అవి చెడిపోవు. స్క్రీన్‌షాట్లు మూడు చాలు. పదిహేను పంపితే ఒక్కటీ సరిగ్గా చూడరు.

గ్రెయిన్ మాట ఎందుకు రాయాలంటే, మళ్లీ చేయమన్నప్పుడు కొందరు పట్టే అడ్డదారి అది. నునుపైన ముఖం మీద ఇసుకలాంటి చుక్కలు చల్లి, "ఇదిగో చర్మం" అంటారు. దీన్ని పట్టుకోవడం తేలిక. నిజమైన చర్మరంధ్రాలు ముక్కు దగ్గర పెద్దగా, కళ్ల కింద సన్నగా, ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. చల్లిన చుక్కలు బుగ్గ మీదా, బొట్టు మీదా, పళ్ల మీదా ఒకే తీరుగా ఉంటాయి. ఎడిటరు లేయర్లున్న ఫైలు దాచి ఉంటే నునుపు లేయరు బలం తగ్గించడానికి పది నిమిషాలు పట్టదు. లేయర్లన్నీ కలిపేసి జేపెగ్ మాత్రమే ఉంచుకుంటే పోయిన నెర దాంట్లోంచి తిరిగి రాదు, అసలు ఫైలు నుంచి మొదలుపెట్టాల్సిందే.

ఫ్రీలాన్సర్లు పనిచేసే వేదికల్లో ఇంకో మెలిక ఉంది. పని అందిందని "కంప్లీట్" బటన్ నొక్కితే డబ్బు అవతలి వ్యక్తికి వెళ్లిపోతుంది. కొన్నిచోట్ల కొద్ది రోజులు మాట్లాడకుండా ఉన్నా ఆర్డరు దానంతటదే పూర్తయినట్టు లెక్క. కాబట్టి ఫైలు వచ్చిన రోజే తెరిచి చూసుకోవాలి. మాటలన్నీ ఆ వేదిక మెసేజ్‌లలోనే జరగాలి. ఫోనులో మాట్లాడుకున్నది రేపు వివాదం వస్తే రుజువుగా చూపలేం.

రెండోసారి కూడా అదే వరస అయితే, లేదా జవాబే రాకపోతే, అప్పుడు చట్టం. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం మన దేశంలో వినియోగదారులకు ఆన్‌లైన్‌లో సేవలు అమ్మే సంస్థ ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు తన వేదికలో పెట్టాలి. ఆ అధికారి ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. మొదటి మెసేజ్‌నే కాస్త మార్చి ఆయనకు పంపండి, తేదీలు వరసగా రాయండి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఆఖరున జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం మీద రెండేళ్లలోపు కేసు వేయాలి. సంస్థ ఏ ఊళ్లో ఉన్నా మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు. కట్టిన సొమ్ము ఐదు లక్షల్లోపు ఉంటే కమిషన్‌కు ఫీజు లేదు. ఒక్క మాట: స్టూడియో నడుపుతూ వ్యాపారం కోసం ఎడిటింగ్ బయటికి ఇచ్చేవాళ్లను చట్టం మామూలుగా వినియోగదారుగా చూడదు. పొట్టకూటికి సొంతంగా పని చేసుకునేవారికి మినహాయింపు ఉంది.

600 రూపాయల కోసం కమిషన్ దాకా వెళ్లేవాళ్లు తక్కువే, వెళ్లాల్సిన అవసరమూ తరచుగా రాదు. పని మళ్లీ చేసి పంపినప్పుడు మాత్రం ఆ ఫైలునూ 100%లో చూడండి. ఆ తర్వాత అమ్మ ముఖం వరకే క్రాప్ చేసి, పెద్ద ప్రింటులో ఎంత సైజులో పడుతుందో అంతే సైజులో ఒక 4×6 కాగితం మీద ముందు వేయించుకోండి. అది సరిగ్గా ఉంటేనే 12×18కి ఇవ్వండి.