పాస్‌బుక్‌లో రూ.48,600, ఏఐఎస్‌లో రూ.72,000: వడ్డీ లెక్క ఎక్కడ తేడా పడుతుంది?

ఆదాయపు పన్ను రిటర్నుకు ముందు వార్షిక సమాచార నివేదికను (ఏఐఎస్) తెరిచిన పలువురికి, అందులోని వడ్డీ మొత్తం తమ బ్యాంకు ఖాతాలో జమ అయినదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. చాలా సందర్భాల్లో ఇది బ్యాంకు పొరపాటు కాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 60 ఏళ్లలోపు వ్యక్తి 2025 ఏప్రిల్ 1న రూ.10 లక్షలను 7.2 శాతం వడ్డీకి, మూడు నెలలకోసారి వడ్డీ అందేలా డిపాజిట్ చేశారనుకుందాం. ఒక్కో త్రైమాసికానికి వడ్డీ రూ.18,000. ఏడాది వడ్డీ రూ.50,000 దాటుతున్నందున బ్యాంకు 10 శాతం, అంటే రూ.1,800 టీడీఎస్‌గా మినహాయించి రూ.16,200 జమ చేస్తుంది. చివరి త్రైమాసికపు వడ్డీని మార్చి 31 నాటికే లెక్కగట్టినా, ఖాతాలో అది ఏప్రిల్ 1న పడుతుంది. అందువల్ల 2025-26 పాస్‌బుక్‌లో మూడు జమలే కనిపిస్తాయి: మొత్తం రూ.48,600. ఏఐఎస్‌లో మాత్రం రూ.72,000 ఉంటుంది. తేడా రూ.23,400లో రూ.7,200 టీడీఎస్ కాగా, మిగిలిన రూ.16,200 ఏప్రిల్‌లో వచ్చిన జమ.

రిటర్నులో చూపాల్సింది చేతికందిన మొత్తం కాదు, రూ.72,000. ఏడాది టీడీఎస్‌ రూ.7,200నూ ఇప్పుడే వాడుకుంటూ, చివరి త్రైమాసికపు వడ్డీని మాత్రం వచ్చే ఏడాదికి నెట్టడం కుదరదు. డివిడెండు విషయంలోనూ సూత్రం ఇదే: రూ.10,800 జమ అయి, రూ.1,200 టీడీఎస్ కోసి ఉంటే ఆదాయం రూ.12,000.

అసలు జాగ్రత్త పడాల్సింది మరో చోట. ఒకే వడ్డీ ఏఐఎస్‌లో టీడీఎస్ వివరాల కిందా, బ్యాంకు విడిగా పంపే SFT-016 నివేదిక కిందా రెండుసార్లు రావచ్చు. బ్యాంకు పేరు, మొత్తం రెండుచోట్లా ఒకటే అయితే అనుమానించాలి. అయితే రెండో పంక్తిలో పొదుపు ఖాతా వడ్డీ ఉండే అవకాశమూ ఉంది. దానిపై టీడీఎస్ ఉండదు, పన్ను లెక్కలోకి మాత్రం వస్తుంది. అందుకే బ్యాంకు నుంచి వడ్డీ ధ్రువపత్రం తీసుకుని ఖాతాలవారీగా పోల్చాలి. నిజంగానే పునరావృతమైతే ఆ పంక్తి ఎదుట "Information is duplicate / included in other information" అనే స్పందనను ఎంచుకోవాలి. బ్యాంకు ఇచ్చిన అంకె చెరిగిపోదు; మీరు సవరించిన విలువ దాని పక్కన కనిపిస్తుంది.

ఏఐఎస్‌లో స్పందన ఇచ్చినా తీరనిది ఒకటుంది. బ్యాంకు కోసిన టీడీఎస్ ఫారం 26ఏఎస్‌లో లేకపోతే, బ్యాంకే తన టీడీఎస్ నివేదికను సవరించి దాఖలు చేయాలి. జనవరి-మార్చి నివేదికకు గడువు మే 31 కాబట్టి, జూన్ మధ్యకు ముందు ఈ పోలిక మొదలుపెడితే చివరి రూ.1,800 కనిపించకపోవడం సహజమే.