‘ఇంకా బెటర్’ నుంచి ‘మోర్ బెటర్’ దాకా

“ఒంట్లో ఎలా ఉందమ్మా?” అని డాక్టరు అడిగితే “నిన్నటికన్నా బెటరండీ” అంటాం. “బస్సుకన్నా రైలు బెటర్” అంటాం. “రాత్రి బండికి వెళ్తే ఇంకా బెటర్” అని సలహా కూడా ఇస్తాం. ఇవి నిఖార్సైన తెలుగు వాక్యాలు, ఇంగ్లీషు చదవనివాళ్ళూ తడుముకోకుండా అనేస్తారు. అదే మాట ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చినప్పుడే చిక్కు. ‘ఇంకా’ అంటే ‘మోర్’ అని బళ్ళో నేర్చుకున్నాం కదా, దాన్ని తెచ్చి బెటర్ ముందు పెట్టేస్తాం. ‘మోర్ బెటర్’ అలా తయారవుతుంది.

తెలుగులో పోలిక కోసం విశేషణం రూపు మార్చుకోదు. ‘ఇది మంచిది’, ‘దానికంటే ఇది మంచిది’, ‘అన్నిటికంటే ఇదే మంచిది’: మూడు చోట్లా మంచిది మంచిదిగానే ఉంది. పోలికంతా ‘కంటే’ చూసుకుంటోంది. అందుకే బెటర్ మన నోట పడ్డాక అందులోని పోలిక అరిగిపోయి, ‘మేలు’లాంటి మామూలు మాటగా మిగిలింది. ‘ఇంకా మేలు’ అన్నంత సులువుగా ‘ఇంకా బెటర్’ అంటున్నాం.

ఇంగ్లీషులో ఆ పోలిక మాట లోపలే ఉంటుంది. టాల్ అన్నదానికి చివర ‘అర్’ చేర్చి టాలర్ అన్నామంటే ‘ఎక్కువ’ అని అప్పుడే చెప్పేశాం. బ్యూటిఫుల్‌లాంటి పొడుగాటి మాటకి ఆ తోక అతకదు, కాబట్టి ముందు మోర్ పెడతారు. రెండూ చేసేది ఒకే పని కనుక ఒకచోట ఒకటే ఉండాలి. ఒక్క అచ్చు పలికే చిన్న మాటలకి తోక, మూడు అంతకన్నా ఎక్కువ పలికేవాటికి మోర్. మధ్యలో రెండు అచ్చుల మాటలే కాస్త ఇబ్బంది పెడతాయి. హ్యాపీ హ్యాపియర్ అవుతుంది కానీ, కేర్‌ఫుల్‌కి మోర్ కేర్‌ఫుల్ అనాల్సిందే.

మరి ‘ఇంకా బెటర్’ని ఇంగ్లీషులో ఎలా అనాలి? ముందు ఆ ‘ఇంకా’ ఏం చెబుతోందో చూడాలి. రోగి నిన్న కోలుకున్నాడు, ఇవాళ మరికాస్త తేరుకున్నాడు. అప్పుడు ‘ఈవెన్ బెటర్’ సరిపోతుంది. మొన్న లేవలేనివాడు ఇవాళ నడుస్తున్నాడంటే ‘మచ్ బెటర్’ లేదా ‘ఫార్ బెటర్’. కొంచెమే నయమైతే ‘ఎ లిటిల్ బెటర్’. ‘చాలా’ ఉంది కదా అని ‘వెరీ బెటర్’ అనకూడదు. వెరీ నప్పేది గుడ్‌కి. వాక్యంలో మోర్ ఉండాలో వద్దో తేలకపోతే దాన్ని తీసేసి చదవండి. ‘షి ఈజ్ టాలర్’ అన్నప్పుడు పోలిక చెక్కుచెదరలేదు, అంటే అక్కడ మోర్ అదనం.

గుడ్‌కి ‘గుడర్’ అని ఎందుకు లేదని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. గుడ్, బెటర్ అసలు ఒక కుదురులోంచి వచ్చిన మాటలు కావు. పాత ఇంగ్లీషు కాలానికే వాటిని ఒక జట్టుగా వాడేవారు. వర్స్ కథ ఇంకా చిత్రం. అప్పట్లో అది ఈవిల్ అనే మాటకి పోలిక రూపం. బ్యాడ్ తర్వాతెప్పుడో వచ్చి ఆ చోటులో కూర్చుంది. పైగా వర్స్‌లో ‘అర్’ బయటికి కనబడదు, కాబట్టి ఏదో తక్కువైందనిపించి ‘మోర్ వర్స్’ అనో ‘వర్సర్’ అనో అంటారు. మచ్, మెనీలకి పోలిక రూపం మరేదో కాదు, ఆ మోరే.

ఇలా రెండుసార్లు పోల్చడం ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళకీ తప్పుగా తోచలేదు. షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’లో ఆంటొనీ చేత ‘మోస్ట్ అన్‌కైండెస్ట్’ అనిపించాడు. 1762లో రాబర్ట్ లౌత్ అనే మతాచార్యుడు రాసిన వ్యాకరణం ఈ వాడుకను తప్పుపట్టింది. అయినా కొన్ని తప్పించుకున్నాయి. లెస్ అంటేనే ‘మరింత తక్కువ’, దానికి తోక తగిలిస్తే వచ్చిందే లెసర్. నియర్ ఒకప్పుడు నై అనే పాత మాటకి పోలిక రూపం, అంటే నియరర్ కూడా పుట్టుకతో మోర్ బెటర్ బాపతే. ఈ రెండిటినీ ఎవరూ తప్పనరు.

మన ‘కంటే’ వల్ల వచ్చే పొరపాటు మరొకటుంది. ‘ఆయన నాకంటే సీనియర్’ అన్నది ‘సీనియర్ దేన్ మీ’ అయిపోతుంది. అక్కడ ‘టు’ రావాలి. సీనియర్ లాటిన్‌లో ‘ఎక్కువ వయసున్న’ అనే పోలిక రూపం. అయితే ఇంగ్లీషువాళ్ళ నోట దానిలోని పోలిక కూడా అరిగి ‘పెద్ద హోదా ఉన్న’ అన్న మామూలు అర్థం మిగిలింది. అందుకే ‘మోర్ సీనియర్ ఆఫీసర్’ అని వాళ్ళే ధీమాగా రాస్తారు. మనం బెటర్‌ని చేసింది, వాళ్ళు సీనియర్‌ని చేశారు.